జనరల్ బాడీ మినిట్స్: రికార్డింగ్‌ను టెక్స్ట్‌గా మార్చి రాయడం, చాలాకాలం వాడాక నా మాట

మాది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్. సెక్రటరీ పని నా నెత్తిన పడ్డప్పటి నుంచి జనరల్ బాడీ మీటింగ్ మొత్తం ఫోన్‌లో రికార్డ్ చేసి, యాప్‌తో టెక్స్ట్‌గా మార్చుకుని, దాంట్లోంచి మినిట్స్ రాస్తున్నా. పద్ధతి మంచిదే. కానీ యాప్ ఇచ్చిందే మినిట్స్ అనుకున్నారో, గొడవ ఖాయం.

మీటింగ్ పెట్టేది సెల్లార్‌లో. మాటలు గోడలకు కొట్టుకుని తిరిగొస్తాయి, పక్కనే మోటార్, ఇక ముగ్గురు ఒకేసారి లేస్తే ఎవరేమన్నారో యాప్‌కి అస్సలు తెలీదు. పేర్లు లేకుండా అందరి మాటలూ ఒకే ముద్దగా వస్తాయి. మెయింటెనెన్స్ పెంపు దగ్గర వచ్చింది ఇదీ:

"రెండు పెట్టండి సరే సరే కిందివాళ్లకి లిఫ్ట్ ఎందుకండీ చూద్దాంలే"

చదివితే రెండు రూపాయలకి అందరూ ఒప్పుకున్నట్టే ఉంది కదా! ఆ నిమిషం దగ్గర ఆడియో మళ్లీ వింటే, ట్రెజరర్ గారు అన్నది చదరపు అడుగుకి "రెండూ పావలా". 1,200 అడుగుల ఫ్లాట్‌కి 2,400 కాదు, 2,700 అన్నమాట. ఆ "సరే సరే" అయితే అసలు తీర్మానానికి చెప్పిందే కాదు, టీ తెమ్మంటారా అని వాచ్‌మన్ అడిగితే చెప్పింది. అసలు ఓటు తర్వాత చేతులెత్తించి తీసుకున్నాం, చేతులెత్తితే చప్పుడు రాదు కాబట్టి అది టెక్స్ట్‌లో ఎక్కడా లేదు, నా నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కే దిక్కైంది.

చివరికి పుస్తకంలో రాసింది: "మెయింటెనెన్స్ చదరపు అడుగుకు రూ. 2.25గా వచ్చే నెల నుంచి వసూలు చేయాలని తీర్మానించడమైనది. ప్రతిపాదన ఫ్లాట్ 302, బలపరిచినది ఫ్లాట్ 104. అనుకూలం 17, వ్యతిరేకం 3. లిఫ్ట్ ఖర్చు నుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కు మినహాయింపు కోరారు, దానిపై నిర్ణయం తీసుకోలేదు."

ఆ ఆఖరి ముక్క వదిలేయొద్దు. "చూద్దాంలే" అన్నదాన్ని ఒప్పుకున్నట్టు రాస్తే ఒక గొడవ, అసలు రాయకపోతే ఇంకో గొడవ. ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో మాత్రం మినిట్స్‌లోకి రానివ్వను, ఎంత అడిగినా సరే.

ఇప్పుడు ప్రతి అంశం అయ్యాక ప్రెసిడెంట్ గారు తీర్మానం, ఫ్లాట్ నంబర్లు, ఓట్ల లెక్క ఫోన్ దగ్గరకొచ్చి గట్టిగా చదువుతున్నారు. అద్దెకున్నవాళ్లు కూడా చేయెత్తేస్తుంటారు కాబట్టి ఓనర్లెవరో హాజరు పుస్తకంలో సంతకాలతో సరిచూసుకున్నాకే ఆ లెక్క. దీంతో నా పని సగం తగ్గింది. డ్రాఫ్ట్‌ని గ్రూప్‌లో పెడతా, అభ్యంతరాలు వస్తే ఆడియో వినిపిస్తా, వచ్చే మీటింగ్‌లో మినిట్స్ ఆమోదం పొందేదాకా రికార్డింగ్ తీసెయ్యను. రికార్డ్ చేస్తున్నామని మొదట్లోనే అందరికీ చెప్పండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది.