హరికథ వేదికపై మూడేళ్ళు వాడిన వైర్‌లెస్ మైక్: సౌండ్ కట్ అయితే చూడాల్సింది రిసీవర్‌ని

మా సౌండ్ సర్వీసుకు ఎక్కువగా వచ్చే పిలుపులు హరికథలు, బుర్రకథలు, శ్రీరామనవమి పందిళ్ళు. వీటికి మూడేళ్ళుగా ఒకే సెట్టు వాడుతున్నాను: రెండు ఛానెళ్ళ యూహెచ్‌ఎఫ్ రిసీవర్, నడుముకు పెట్టుకునే రెండు ట్రాన్స్‌మిటర్లు, చెవికి తగిలించే హెడ్‌సెట్ మైకులు. ఒక్కో ట్రాన్స్‌మిటర్‌లో రెండు పెన్సిల్ సెల్స్ పడతాయి. మధ్యరకం ధర, మధ్యరకం తయారీ. గొంతు స్పష్టత విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. పద్యంలో తారస్థాయికి వెళ్ళినా పగలదు, చిడతల మోత మధ్య కూడా మాట విడిగా వినిపిస్తుంది. దీని గురించి చెప్పాల్సిందంతా మధ్యమధ్యలో సౌండ్ కట్ అవడం గురించే.

కింద కూర్చున్నవాళ్ళకు ఏ కారణంతో కట్ అయినా ఒకేలా వినిపిస్తుంది. రిసీవర్ దగ్గర నిలబడి చూస్తే మాత్రం ఒక్కో కారణం ఒక్కోలా కనిపిస్తుంది. డిస్‌ప్లేలో RF అని సిగ్నల్ గీతలు ఉంటాయి, పక్కనే A, B అని రెండు యాంటెన్నాల లైట్లు. నేను చూసేది అవే.

మొదటి ఏడాది ఎక్కువగా వచ్చింది బ్యాటరీ కాంటాక్ట్ సమస్య. హరిదాసు గజ్జె కట్టి ఒక్క ఎగురు ఎగరగానే గీతలన్నీ ఒకేసారి మాయమవుతాయి. రెండు మూడు సెకన్ల తర్వాత అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. ఆ రెండు మూడు సెకన్లే అసలు ఆనవాలు. కరెంటు క్షణకాలం తెగి ట్రాన్స్‌మిటర్ ఆఫ్ అయి, మళ్ళీ ఆన్ కావడానికి పట్టే సమయం అది. నిర్ధారించుకోవడం తేలిక. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ట్రాన్స్‌మిటర్‌ని అరచేతిలో గట్టిగా తట్టి చూడండి. దాని స్క్రీన్ ఆరి మళ్ళీ వెలిగితే తప్పు లోపలే ఉంది, గాలిలో కాదు.

మా సెట్టులో మూత తీసి చూస్తే నెగటివ్ వైపు స్ప్రింగ్ మీద పచ్చటి పొర కనిపించింది. పట్టుపంచె లోపల రెండు మూడు గంటలు చెమటలో నానితే ఉప్పు అక్కడే చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిస్తే ఆ పొర పోయింది. సెల్ కారి తెల్లటి పొడి పేరుకుంటే ముందు కాస్త వెనిగర్‌తో, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. పైనున్న పూత పోతే కొన్నాళ్ళకు తుప్పు పడుతుంది, ఆ తర్వాత ఎంత తుడిచినా నిలవదు. అణగిపోయిన స్ప్రింగ్‌ని చిన్న ముక్కు పటకారుతో కొద్దిగా పైకి లాగితే పట్టు వస్తుంది.

ఈ సెట్టులో నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. బ్యాటరీ మూత కీలు నాసిరకం. వదులయ్యాక సెల్స్ అటూ ఇటూ కదులుతున్నాయి. ఇప్పుడు మూత మీద సన్నటి టేపు చుట్టి వాడుతున్నాను. రీచార్జబుల్ సెల్స్‌తో ఇంకో చిక్కు ఉంది. కొన్నింటికి పాజిటివ్ బొడిపె పొట్టిగా ఉండి కాంటాక్ట్‌కు సరిగా అందదు. పైగా వాటి వోల్టేజ్ 1.2, మామూలు ఆల్కలైన్‌ది 1.5. మెనూలో సెల్ రకం మార్చకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది.

రెండోది అడ్డు సమస్య, అంటే ట్రాన్స్‌మిటర్‌కీ యాంటెన్నాకీ మధ్య ఏదో ఒకటి అడ్డు రావడం. ఒక నవమి పందిట్లో కమిటీవాళ్ళు మిక్సర్‌ని జనం వెనక, వేదికకు ముప్పై మీటర్ల దూరంలో పెట్టించారు. రిసీవర్ కూడా అక్కడే, బల్ల మీదే. కథ మొదలైన కాసేపటికి దాసుగారు విరామంలో పిలిచి, "బాబూ, జనం వైపు తిరిగి పద్యం ఎత్తుకుంటేనే మైకు పోతోంది. మృదంగం వైపు తిరిగితే బాగానే ఉంది, ఎందుకని?" అని అడిగారు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ట్రాన్స్‌మిటర్ ఆయన నడుము వెనక ఉంది. జనం వైపు తిరిగినప్పుడు దానికీ రిసీవర్‌కీ మధ్య ఆయన శరీరమే గోడలా నిలుస్తోంది. 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు అర మీటరు. నీటితో నిండిన మనిషి ఒళ్ళు దాన్ని చాలావరకు మింగేస్తుంది. దానికితోడు ముందు వరుసలవాళ్ళు హారతికి లేచి నిలబడితే ఇంకో గోడ.

ఇలాంటప్పుడు గీతలు ఒక్కసారిగా పోవు. ఐదు నుంచి మూడుకు, ఒకటికి జారుతూ, A, B లైట్లు ఒకదాని తర్వాత ఒకటి మినుకుమంటాయి. చిన్నగా బుస్సుమని మాట తెగుతుంది. మనిషి పక్కకు తిరగగానే మళ్ళీ వచ్చేస్తుంది.

విరామం అయ్యేలోపు రిసీవర్‌ని వేదిక పక్క తెర దగ్గరికి మార్చాం. అక్కడి నుంచి మిక్సర్ దాకా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ లాగాం. ఆ కేబుల్ ముప్పై మీటర్లు పోయినా సౌండ్‌కు నష్టం ఉండదు. అదే యాంటెన్నా కేబుల్‌ని పొడవుగా లాగితే, సన్న రకమైతే పది మీటర్లకే సగం సిగ్నల్ పోతుంది. రిసీవర్‌ని స్టాండ్ మీద తలల కంటే ఎత్తుగా ఉంచి, రెండు యాంటెన్నాలను వి ఆకారంలో విప్పాం. ట్రాన్స్‌మిటర్‌ని నడుము వెనక నుంచి రిసీవర్ ఉన్న పక్కకు జరిపి, దాని తోక యాంటెన్నా పంచె మడతలో చుట్టుకోకుండా కిందికి వేలాడదీశాం. మిగతా కథంతా గీతలు మూడుకు తగ్గలేదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా రిసీవర్ వేదిక దగ్గరే, మిక్సర్ మాత్రం కమిటీవాళ్ళ ఇష్టం.

మూడోది ఫ్రీక్వెన్సీల గొడవ. దీన్ని పట్టుకోవాలంటే మన ట్రాన్స్‌మిటర్‌ని ఆఫ్ చేసి రిసీవర్ చూడాలి. అప్పుడూ గీతలు నిలబడే ఉంటే అక్కడ ఇంకెవరో ఉన్నారు. వెనక ఎల్‌ఈడీ వాల్ ఉన్న వేదికల మీద అది ఆన్ అయ్యాకే చూడండి, దాని నుంచి వచ్చే రొద కూడా గీతల్లో కనిపిస్తుంది.

కొన్నిసార్లు ఎవరూ లేని చోట కూడా గొడవ వస్తుంది. ఒక సభలో మా రెండు మైకులు 626.000, 626.400 మెగాహెర్ట్జ్ మీద ఉన్నాయి. యాంకర్ కోసం హాలువాళ్ళు తెచ్చిన మైకు 626.800 మీద ఉంది. విడివిడిగా మూడూ బాగానే పనిచేశాయి. మా ఇద్దరు కళాకారులు దగ్గరగా నిలబడితే మాత్రం యాంకర్ మైకు బరబరలాడింది. రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గరికి వస్తే వాటి సిగ్నళ్ళు కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిదాన్ని తీసేస్తే సరిగ్గా 626.800 వస్తుంది. అందుకే ఫ్రీక్వెన్సీలను సమాన దూరాల్లో పేర్చకూడదు. యాంకర్ మైకును 627.300కి జరపగానే ఆ బరబర పోయింది. ఒకే కంపెనీ సెట్లయితే అన్నింటినీ ఒకే GROUPలో, వేరువేరు ఛానెళ్ళలో పెడితే ఈ లెక్క వాళ్ళే చేసి ఇచ్చి ఉంటారు.

ఈ సెట్టులో ఖాళీ ఫ్రీక్వెన్సీలను వెతికే SCAN బాగానే పనిచేస్తుంది. మన ట్రాన్స్‌మిటర్లన్నీ ఆఫ్ చేసి, ఇతరుల మైకులు, ఎల్‌ఈడీ వాల్ ఆన్‌లో ఉంచి నడపాలి. ఖాళీ పందిట్లో పొద్దున చేసిన స్కాన్‌ని సాయంత్రం నమ్మకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు బ్యాండ్ తప్పకుండా చూడండి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 2022 వేలంలో 5జీకి వెళ్ళింది. 703 నుంచి 748 వరకు ఫోన్లు, 758 నుంచి 803 వరకు టవర్లు మాట్లాడుకునే చోటు అది. ఆ మధ్యలో పనిచేసే పాత సెట్టు చవగ్గా దొరికినా, జనం చేతుల్లో ఫోన్లున్న పందిట్లో దాన్ని నమ్ముకోలేం.

ఒకటి రెండు మైకులతో నడిచే హరికథకు, చిన్న సభకు ఈ తరగతి సెట్టు సరిపోతుంది, మళ్ళీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. ఆరేడు మైకులు కావాల్సిన నాటకానికి మాత్రం చాలదు, దానికి యాంటెన్నా డిస్ట్రిబ్యూటర్ ఉన్న పెద్ద సిస్టమ్ అద్దెకు తెచ్చుకోవడమే మేలు.