తాండ్ర పెట్టె పసుపు: బొమ్మలో మార్చాలా, మానిటర్ సరిచేయాలా, ప్రూఫ్ చూసి తేల్చుకోవాలా?

నమస్తే మేడమ్,

మామిడి తాండ్ర పెట్టె బొమ్మ ఫోన్‌లో బాగుందని, ఆఫీసు మానిటర్ మీద మాత్రం వెనకాల పసుపు పాలిపోయి నిమ్మకాయ రంగుకి వచ్చేసిందని నిన్న చెప్పారు. కొంచెం ఎరుపు కలిపి మళ్లీ పంపమన్నారు. కలపడానికి నాకు రెండు నిమిషాలు పట్టదు. కానీ కలిపితే రేపు ప్రెస్ నుంచి వచ్చే పెట్టెలు చూసి మీరే బాధపడతారు. అందుకే ఫైలు ముట్టుకోకుండా ముందు ఇది రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న పరీక్ష చేద్దాం. నేను మెయిల్‌లో పంపిన ఫైలుని మీ ఆఫీసు కంప్యూటర్‌లో పెయింట్‌లో తెరవండి. డ్రాపర్ గుర్తు తీసుకుని, పైన ఎడమ మూలలో గీతలేమీ లేని పసుపు మీద ఒకసారి నొక్కండి. తర్వాత Edit colors తెరిస్తే మూడు అంకెలు కనిపిస్తాయి: Red 232, Green 163, Blue 23. నా దగ్గర కూడా ఇవే అంకెలు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మతో చూస్తే కుదింపు వల్ల ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి, అంతే. అంటే ఫైలు మీ దగ్గరికి వచ్చేసరికి చెడిపోలేదు. ఆ అంకెల్ని వెలుగుగా మార్చి చూపించే పనిలోనే తేడా వస్తోంది. ఆ పని చేసేది మానిటర్.

మీ మాటల్లో రెండు ఆనవాళ్లు దొరికాయి. ఖాళీ ఎక్సెల్ షీటు పక్కన తెల్ల కాగితం పెడితే షీటు నీలంగా ఉందన్నారు. లేచి నిలబడి చూస్తే పసుపు ఇంకా పాలిపోతోందని కూడా అన్నారు. మొదటి దానికి కారణం మానిటర్ తెలుపుని చల్లగా పెట్టి ఉండటం. వెబ్‌కి, మామూలు స్క్రీన్లకి అందరూ వాడే sRGB కొలతలో తెలుపు దాదాపు 6500 కెల్విన్ దగ్గర ఉండాలి. చాలా ఆఫీసు మానిటర్లలో Cool అనే సెట్టింగ్ ఉంటుంది. అందులో తెలుపు 9300 దాకా పోతుంది. అక్కడికి చేరాలంటే మానిటర్ ఎరుపు వెలుగుని తగ్గించాలి. మన పసుపులో ఎక్కువ భాగం ఎరుపే కదా, అది తగ్గగానే ఆకుపచ్చ పైకి తేలుతుంది. పండిన మామిడి కాస్తా నిమ్మకాయ అవుతుంది.

రెండో ఆనవాలు చూస్తే మీ మానిటర్‌లో ఉన్నది పాతకాలపు టీఎన్ ప్యానెల్ అనిపిస్తోంది. వాటిని పైనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, కిందినుంచి చూస్తే నల్లబడతాయి. కూర్చున్నవాళ్లకి ఒక రంగు, వెనక నిలబడ్డవాళ్లకి ఇంకో రంగు కనిపిస్తుంది. మీరూ మీ అకౌంటెంట్ గారూ ఒకే బొమ్మ చూసి చెరో మాట చెప్పారంటే నాకు ఆశ్చర్యం వేయలేదు.

ఇక మన ముందున్న దారులు చూద్దాం. మొదటిది మీరు చెప్పిందే, మీ స్క్రీన్‌కి తగ్గట్టు బొమ్మలో రంగు మార్చడం. మీకు నచ్చే పసుపు రావాలంటే నేను ఎరుపుని 232 నుంచి 250కి పెంచి, పచ్చని 163 నుంచి 145కి దించాలి. మీ టేబుల్ మీద అప్పుడు అది చక్కగా కనిపిస్తుంది. కానీ అదే ఫైలు మీ ఫోన్‌లో, మీ డీలర్ల ఫోన్లలో, మీ వెబ్‌సైట్ చూసే ప్రతివాళ్ల దగ్గరా కమలాపండు రంగులో వస్తుంది. అచ్చులో ఇంకా కష్టం. పచ్చ తగ్గించడమంటే అచ్చు భాషలో మెజెంటా సిరా పెంచడం. పసుపు సిరా మీద మెజెంటా కొంచెం ఎక్కువైనా రంగు నారింజ వైపు జారిపోతుంది, కంటికి వెంటనే తెలిసిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. కొన్నేళ్ల కిందట ఒక స్వీట్ల షాపు పెట్టె చేసినప్పుడు వాళ్ల ఆఫీసు స్క్రీన్ చూసి వాళ్లు అడిగినట్టల్లా మూడుసార్లు రంగు మార్చి ఇచ్చాను. పెట్టెలు వచ్చాక కాజాల బొమ్మ ఇటుక రంగులో ఉంది. సరుకు అచ్చయిపోయింది, వాళ్ల డబ్బు పోయింది. వద్దని అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఈ దారి నేను ఒప్పుకోను.

రెండో దారి మానిటర్ సరిచేయడం. దీనికి పైసా ఖర్చు లేదు, పావుగంట చాలు. మానిటర్‌ని అరగంట ముందే ఆన్ చేసి ఉంచండి, వేడెక్కేదాకా రంగు నిలకడగా ఉండదు. విండోస్‌లో Settings, System, Display లోకి వెళ్లి Night light ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే తెలుపు పసుపు వైపు పోతుంది. మీది నీలం సమస్య కాబట్టి బహుశా ఆఫ్‌లోనే ఉంటుంది, అయినా ఒకసారి చూసేయండి. ఇక మానిటర్ అంచు కింద ఉండే బటన్లతో మెనూ తెరవండి. పిక్చర్ మోడ్స్‌లో sRGB అని ఉంటే అదే ఎంచుకోండి, ఇంకేమీ కదపక్కర్లేదు. చాలావాటిలో ఆ మోడ్ పెట్టగానే మిగతా సెట్టింగులు తాళం పడిపోతాయి, అది మామూలే. sRGB లేకపోతే Color Temp అనేచోట 6500K పెట్టండి. అంకెలు లేకుండా మాటలే ఉంటే Cool తీసేసి Warm గానీ Normal గానీ పెట్టి, రెండింటిలో ఏది తెల్ల కాగితానికి దగ్గరగా ఉందో చూడండి.

తర్వాత వెలుగు సంగతి. ఆఫీసు మానిటర్లు తరచూ నూటికి నూరు వెలుగులో ఉండిపోతాయి. ఆ వెలుగులో ఏ రంగైనా కాగితం కంటే మెరుస్తుంది. ఖాళీ పేజీ తెరిచి, పక్కన ఏ4 కాగితం పట్టుకుని, రెండూ దాదాపు ఒకేలా అనిపించేదాకా Brightness తగ్గించండి. చివరగా కుర్చీలో నిటారుగా కూర్చుంటే స్క్రీన్ మధ్యభాగం మీ కళ్లకి ఎదురుగా ఉండేలా మానిటర్ ఎత్తు సర్దండి. కింద రెండు లెడ్జర్ పుస్తకాలు పెట్టినా చాలు.

ఇంత చేసినా అది నా స్క్రీన్ అయిపోదు. పసుపు చాలావరకు దారికొస్తుంది. ఆకుల్లో వేసిన చిలకపచ్చ మాత్రం మీ దగ్గర కొంచెం చప్పగానే ఉండొచ్చు. తక్కువ ధర ప్యానెళ్లు sRGB రంగుల్లో దాదాపు మూడింట రెండు వంతులే చూపించగలవు. స్పెసిఫికేషన్‌లో 45% NTSC అని రాసి ఉంటే అలాంటిదేనని అనుకోవచ్చు. లేని రంగుని సెట్టింగు తెచ్చివ్వలేదు.

రంగు కొలిచే పరికరం కొనమంటారా అని అడిగారు. స్క్రీన్‌కి ఆనించి రంగు కొలిచే కలరిమీటర్ నా దగ్గర ఉంది. దానితో నెలకోసారి నా మానిటర్‌ని 6500 కెల్విన్, గామా 2.2, 120 క్యాండెలాల వెలుగు దగ్గర నిలబెడతాను. ఒక్క పెట్టె కోసం మీరు అంత ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా టీఎన్ ప్యానెల్ అయితే ఎంత కొలిచినా తల కదిపినప్పుడల్లా రంగు మారుతూనే ఉంటుంది. డబ్బు పెట్టాలనే ఉంటే ఈసారి మానిటర్ మార్చేటప్పుడు, ఏ కోణం నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్ తీసుకోండి.

పోనీ ఫోన్‌లో బాగుంది కదా, ఫోన్ చూసే ఓకే చేసేద్దామా? మీ ఆఫీసు మానిటర్ కంటే నయమే గానీ దాన్నీ పూర్తిగా నమ్మకండి. ఐఫోన్ అయితే ట్రూ టోన్ గది వెలుగుని బట్టి తెలుపుని మారుస్తుంది. శాంసంగ్‌లో స్క్రీన్ మోడ్ Vivid లో ఉంటే ఉన్న రంగుని ఇంకా పెంచి చూపిస్తుంది. Natural పెట్టి చూస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

నా ఓటు మాత్రం మూడో దారికే, అంటే ముందుగా ఒక నమూనా అచ్చు తీయించి చూసే ప్రూఫ్‌కి. పెట్టె చివరికి కాగితం మీదే కదా బతికేది. ప్రెస్ వాళ్లని ప్రూఫ్ అడగండి. మీరు వాడబోయే బోర్డు మీదే తీయమనండి, లామినేషన్ వేయించబోతే దానితో సహా. మ్యాట్ వేస్తే రంగు కొంచెం మెత్తబడుతుంది, గ్లాసీ వేస్తే ముదురుతుంది. లామినేషన్ లేని ప్రూఫ్ చూసి ఓకే చేసి, తర్వాత మ్యాట్ వేయిస్తే మళ్లీ ఇదే గొడవ మొదలవుతుంది. డిజిటల్ ప్రింట్ తీసిస్తాం, అదే ప్రూఫ్ అనుకోండి అంటారేమో. అది చూడటానికి పనికొస్తుంది గానీ ఆఫ్‌సెట్‌లో అచ్చంగా అదే వస్తుందని మాట ఇవ్వలేం. ఆఫ్‌సెట్ మెషిన్ రంగుకి సరిచేసిన ప్రూఫే కావాలని అడిగి, ఖర్చు ఎంతో ముందే కనుక్కోండి. ఆ ఖర్చు తక్కువేం కాదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు కూడా. ఈ దారిలో ఉన్న లోటు అదే.

ప్రూఫ్ చేతికొచ్చాక ట్యూబ్‌లైట్ కింద చూడకండి. పొద్దున పదింటికి కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట పట్టుకుని చూడండి. ఫొటోషాప్‌లో అచ్చు రంగులు ఎలా వస్తాయో నేను ముందే చూశాను. మన మామిడి పసుపు అచ్చులో హాయిగా వస్తుంది, అది ఎక్కువగా పసుపు సిరా, కొంత మెజెంటా కలిసిన రంగే. చిలకపచ్చ మాత్రం స్క్రీన్ మీద ఉన్నంత మెరవదు. మామూలు నాలుగు రంగుల అచ్చులో అంత మెరుపు రాదు. అది మీకు ముందే తెలియాలని చెబుతున్నాను.

కాబట్టి మేడమ్, ఈరోజు సాయంత్రం మానిటర్ మెనూ దగ్గర ఒక పావుగంట కూర్చోండి. సెట్టింగులు మార్చాక కూడా పసుపు నిమ్మకాయలాగే ఉంటే ఆ మెనూ ఫొటో తీసి పంపండి, ఏం నొక్కాలో ఫోన్‌లో చెబుతాను. రంగు కోసం మాత్రం స్క్రీన్ ఫొటో వద్దు, కెమెరా తనకి తోచినట్టు తెలుపు సర్దేస్తుంది. ఈలోపు ప్రెస్‌కి ఫైలు నేనే పంపుతాను, పసుపు ఏం రావాలో అంకెలతో సహా రాసి. ప్రూఫ్ రెండు కాపీలు తీయించండి. కిటికీ దగ్గర చూసి నచ్చితే రెండిటి మీదా సంతకం పెట్టి, ఒకటి మెషిన్ దగ్గర ఉంచమనండి, ఇంకోటి మీ దగ్గర ఉంచుకోండి. నచ్చకపోతే అప్పుడు మారుస్తాను, ఎన్నిసార్లయినా సరే.