వెనక్కి వచ్చిన ఆర్డర్: ఏ పరీక్ష మేలు?

ఉదయగిరి చెక్క గరిటెలను నెల్లూరు నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. దాని ఆర్డర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను మనం పరీక్షించాలి. అందులో ఆర్డర్‌కు ఐదు స్థితులు: PLACED, SHIPPED, DELIVERED, RETURNED, CANCELLED. స్థితిని మార్చే ఘటనలు నాలుగు: పంపడం, అందజేయడం, రద్దు, వాపసు. స్థితులను అడ్డంగా, ఘటనలను నిలువుగా రాసి పట్టిక గీస్తే 20 గడులు వస్తాయి. వాటిలో చెల్లుబాటయ్యే మార్పులు ఐదే. PLACED నుంచి పంపవచ్చు లేదా రద్దు చేయవచ్చు. SHIPPED నుంచి సరుకు కొన్నవారికి అందవచ్చు, లేదా వారు దొరక్క పార్సిల్ వెనక్కి రావచ్చు. DELIVERED అయ్యాక వాపసు చేయవచ్చు. మిగతా 15 గడుల్లో వ్యవస్థ ఒప్పుకోకూడదు.

అన్ని స్థితులనూ ఒక్కసారి తాకితే చాలనుకుంటే రెండు పరీక్షలు సరిపోతాయి. కానీ పార్సిల్ దారిలోంచే వెనక్కి వచ్చే మార్పు వాటికి చిక్కదు. చెల్లుబాటయ్యే మార్పులన్నీ నడపాలంటే దానికోసం మూడో పరీక్ష కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు అది సమ్మతం కాదు, ఎందుకంటే డబ్బు పోయేది ఆ మిగిలిన 15 గడుల్లోనే.

గరిటెల సెట్టు ధర 450 రూపాయలు, నిల్వ 12 అనుకోండి. ఒకటి అమ్ముడుపోతే నిల్వ 11, వాపసు వస్తే మళ్లీ 12. కొన్నవారు అదే ఆర్డర్ పేజీని రెండు ఫోన్లలో తెరిచి ఉంచారు. మొదటి ఫోనులో వాపసు పూర్తయినా, రెండో ఫోనులో పాత బటన్ అలాగే కనిపిస్తోంది. దాన్నీ నొక్కారు. సర్వర్ అడ్డుకోకపోతే 900 రూపాయలు తిరిగి వెళతాయి, నిల్వ 13 అవుతుంది. ఆర్డర్ స్థితి మాత్రం RETURNED గానే ఉంటుంది. స్థితిని మాత్రమే చూసే పరీక్ష దీన్ని సరైనదిగా లెక్కిస్తుంది! అందుకే ప్రతి చెల్లని గడిలోనూ స్థితితో పాటు తిరిగి చెల్లించిన మొత్తాన్నీ, నిల్వనూ సరిచూడాలి. తెరమీద బటన్ దాచేశారని వదిలేయకుండా, అభ్యర్థనను నేరుగా సర్వర్‌కే పంపి చూడాలి.

ఈ 15 గడులకూ వేర్వేరు పరీక్షలు రాయడం మేలు. రెండు చెల్లని ఘటనలను ఒకే పరీక్షలో పెడితే, మొదటిదాని దోషం రెండోదాన్ని కప్పేయవచ్చు. మొత్తం 18 పరీక్షలవుతాయి. డబ్బు చేతులు మారే చోట నేను ఎంచుకునేది ఇదే; స్థితులను తాకి వదిలేసే పద్ధతిని తొలి చూపుకే వాడతాను.

అయినా ఈ 18కీ అందనిది ఒకటి ఉంది. సరుకు అందాక డబ్బు చెల్లించే ఆర్డర్ దారిలోంచే వెనక్కి వస్తే తిరిగి ఇవ్వాల్సింది ఏమీ ఉండదు. ముందే చెల్లించి ఉంటే ఇవ్వాలి. గడి ఒకటే, ఫలితాలు రెండు. కాబట్టి SHIPPED వరుసలోని వాపసు గడిని చెల్లింపు విధానాన్ని బట్టి రెండుగా చీల్చి, రెండింటినీ విడివిడిగా నడపాలి.