కొన్నప్పుడు పేరు తెలియని, ఆరేళ్లుగా వాడుతున్న ఇత్తడి పనిముట్టు

రాజమండ్రిలో పాత ఇత్తడి కొనే ఒక కొట్లో, కిలోల లెక్కన కరగడానికి వెళ్లబోతుంటే దీన్ని 700 రూపాయలకి తెచ్చుకున్నాను. గోడ గడియారాలు బాగుచెయ్యడం నాకు సెలవురోజు పిచ్చి. అయినా ఇదేమిటో అర్థం కాలేదు. సగం తెరిచిన పుస్తకంలా రెండు ఇత్తడి చట్రాలు, మధ్యలో మడతబందు. ఒక్కో చట్రానికి ఎదురెదురుగా రెండు ఉక్కు కడ్డీలు, వాటిని బిగించడానికి మరలు. అడ్డంగా ఇంకో పొడుగు మర. దాన్ని తిప్పితే చట్రాలు దగ్గరవుతాయి, దూరమవుతాయి. కొట్టాయన ఓడ సామానన్నాడు. మా బావ కంసాలి పనిముట్టని పందెం కాశాడు.

పాలకొల్లులో ఎప్పుడో పని మానేసిన ఒక గడియారాల మేస్త్రిగారికి మా స్నేహితుడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఆయన నన్నెప్పుడూ చూడలేదు. మర్నాడు ఫోన్ చేసి, "ఆయ్, ఆ కడ్డీల కొనలు దగ్గర్నుంచి తియ్యండి బాబూ, రెండు వైపులా," అన్నారు. తీసి పంపాను. ప్రతి కడ్డీకి ఒక కొన సూదిలా ఉంది, రెండో కొనలో చిన్న గుంట ఉంది. అయిదు నిమిషాల్లో మళ్లీ ఫోన్.

"డెప్తింగ్ టూలండి అది. గుంటలో ఇరుసు కూర్చుంటుంది, సూదితో ప్లేటు మీద గీస్తారు. మా గురువుగారి కొట్లో ఒకటుండేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు."

పేరు తెలిశాక పని తెలుసుకోవడం తేలికే. ఒక పళ్ల చక్రం, అది తిప్పే పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఎంత దూరంలో ఉంటే నున్నగా తిరుగుతాయో తేల్చి, ఆ దూరాన్ని ఇరుసుల కన్నాలుండే ప్లేటు మీదకి దించుతుంది. మరీ దగ్గరైతే పళ్లు ఇరుక్కుంటాయి. దూరమైతే పన్ను కొన పన్ను కొనకి గుద్దుకుని, వేలికి టకటకమని తెలుస్తుంది.

దీని విలువ నాకు తెలిసింది మా తాతగారి గోడ గడియారంతో. కీ ఇచ్చిన మూడు గంటలకే ఆగిపోయేది. మూడో చక్రం ఇరుసు తిరిగే కన్నం కోలగా అరిగిపోతే, ఎవరో కన్నం చుట్టూ పంచ్‌తో కొట్టి మూశారు. కన్నం బిగిసింది కానీ అసలు చోటునుంచి పక్కకి జరిగింది. మూడో చక్రాన్ని ఒక జత కడ్డీల మధ్య, అది తిప్పే ఎస్కేప్ చక్రం ఇరుసుని రెండో జత మధ్య పెట్టి, బొటనవేలితో కాస్త అడ్డుపెడుతూ, పూర్తి చుట్టు తిరిగేదాకా మరని సర్దాను. తర్వాత సూదికొనని ఎస్కేప్ చక్రం కన్నంలో నిలిపి ప్లేటు మీద చాపంలా ఒక గీత గీశాను.

ఇక్కడే మొదట్లో పప్పులో కాలేశాను. ఒక గీతతో దూరమే తెలుస్తుంది, చోటు తెలియదు. మూడో చక్రం పినియన్‌ని మధ్య చక్రం తిప్పుతుంది కదా, ఆ జోడు కూడా చూసి ఇంకో గీత గియ్యాలి. మధ్య చక్రం ఇరుసు ముళ్లు తగిలించడానికి ముందుకు పొడుగ్గా ఉంటుంది కాబట్టి కడ్డీని చివరిదాకా వెనక్కి లాగాల్సొచ్చింది. రెండు గీతలు కలిసినచోటే కొత్త కన్నం. పాత కన్నంలో ఇత్తడి బిళ్ల దిగ్గొట్టి అక్కడ తొలిచాను.

ఇక లోపాలు. కొన్న కొత్తల్లో ఏ గీతనీ నమ్మలేకపోయాను. ఒకే దూరం పెట్టి ఒకవైపు సూదులతో ఒక గీత, తిరగేసి రెండోవైపు సూదులతో అదే కేంద్రం నుంచి ఇంకో గీత గీస్తే రెండూ ఒకదానిమీద ఒకటి పడాలి. నాకు పడలేదు, ఒక కడ్డీ వంగి ఉంది. లేత్ షాపులో కొత్తది చేయించాను. పాతది కొనేవాళ్లు ముందు ఈ పరీక్ష చెయ్యండి. గీసేటప్పుడు పనిముట్టు ప్లేటుకి నిట్టనిలువుగా లేకపోయినా దూరం తప్పుతుంది. పెద్ద గడియారాల ఇరుసులు నా దాంట్లో పట్టవు. మా నరసాపురం గాలికి ఇత్తడి నల్లబడి ఊరుకుంటుంది కానీ ఉక్కు కడ్డీలు వానాకాలంలో పదిరోజులకే తుప్పెక్కుతాయి. మిషన్ నూనె రాసి, నూనెగుడ్డలో చుట్టి పెడుతున్నాను.

ఏడాదికి నాలుగైదుసార్లకి మించి దీని అవసరం రాదు. కన్నం అరిగిన ప్రతిసారీ కాదు, దాని అసలు చోటు చెరిగిపోయినప్పుడే. కొత్తవాటి ధర పెట్టి కొనమని మాత్రం చెప్పను.

తాతగారి గడియారం తిరగడం మొదలెట్టాక దాని చప్పుడు రికార్డు చేసి మేస్త్రిగారికి పంపాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"పళ్లు బాగా కలిశాయి బాబూ," అన్నారు. "టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమంగా లేదు. గోడకి వంకరగా తగిలించారు, చూసుకోండి."

వెళ్లి చూస్తే, వంకరగానే ఉంది.