కాలర్ మీది లిప్‌స్టిక్‌కు గిన్నెలు తోమే లిక్విడ్: ఏళ్ల తరబడి వాడిన తరువాత

చొక్కా కాలర్లకూ నూలు చున్నీలకూ అంటుకునే లిప్‌స్టిక్, ఫౌండేషన్ మరకలను ఉతుకుకు ముందే వదిలించడానికి నేను కొన్నేళ్లుగా గిన్నెలు తోమే లిక్విడ్‌నే వాడుతున్నాను. ఫౌండేషన్ మీదా మామూలు లిప్‌స్టిక్ మీదా ఇది చాలా బాగా పనిచేస్తుంది. చెరగకుండా రోజంతా నిలిచే లిక్విడ్ లిప్‌స్టిక్ మీద మాత్రం ఒంటరిగా గెలవలేదు.

లిప్‌స్టిక్‌లో ప్రధానంగా ఉండేవి మైనం, నూనెలు, రంగుపొడి. ఫౌండేషన్‌లో నూనె లేదా సిలికాన్‌తో పాటు ఐరన్ ఆక్సైడ్ వంటి ఖనిజపు రంగులు ఉంటాయి. రంగుపొడిని దారానికి పట్టి ఉంచేది ఆ జిడ్డే కనుక ముందుగా వదలవలసింది జిడ్డు. క్లోరిన్ బ్లీచ్ పోసేవారు ఈ సంగతి గమనించరు. ఐరన్ ఆక్సైడ్ బ్లీచ్‌కు తెల్లబడదు, జిడ్డు అలాగే ఉండిపోతుంది, పైగా గుడ్డ బలహీనపడుతుంది.

లిక్విడ్‌ను పొడిగుడ్డ మీదనే వేయాలి. నీళ్లు ముందు తగిలితే తడిసిన దారాల మీద లిక్విడ్ పలచబడి, మరకను చేరేసరికి దాని పట్టు తగ్గిపోతుంది. వేడినీళ్లయితే మైనం కరిగి ఇంకా లోపలికి దిగుతుంది. ఇస్త్రీ పెట్టె వేడీ అదే పని చేస్తుంది కాబట్టి, మరక పూర్తిగా పోయిందని తేలేవరకు ఆ గుడ్డకు ఇస్త్రీ చేయకూడదు.

తెల్ల కాటన్ చొక్కా కాలర్ మడత మీద ఎర్రని లిప్‌స్టిక్ గీత పడిందనుకుందాం. ముందుగా చెంచా అంచుతో పైన ఉన్న ముద్దను ఎత్తివేయాలి. పక్కలకు రాస్తే గీత మచ్చగా మారుతుంది. తరువాత రెండు మూడు చుక్కల లిక్విడ్ వేసి, వేలికొనతో అంచు నుంచి నడిమికి మెల్లగా అద్ది, పదినిమిషాలు వదిలేయాలి. కాలర్‌లో పై గుడ్డకూ కింది గుడ్డకూ మధ్య బక్రం ఉంటుంది కనుక వెనుక నుంచి అద్ది మరకను బయటికి తీయడం సాధ్యం కాదు, గట్టిగా నొక్కితే రంగు బక్రంలోకి దిగుతుంది. అందుచేత పాత తెల్ల బనియన్ ముక్కను పైనుంచే అద్దుతూ, రంగు ఎక్కిన చోటును ప్రతిసారీ మార్చుకుంటూ పోవాలి. ముక్కకు రంగు అంటడం ఆగిన తరువాతే చన్నీళ్లతో జాడించాలి. బ్రష్‌తో తోమితే మడత దగ్గర నూలు చిట్లి, మరక పోయినా కాలర్ పాతబడినట్టు కనిపిస్తుంది.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటుంది. గుడ్డను బాగా జాడించి నీడన ఆరబెట్టి, ఆ చోట ఒక నీటిచుక్క వేస్తాను. చుట్టుపక్కల గుడ్డ వెంటనే పీల్చుకుని ఇక్కడ మాత్రం చుక్క నిలబడితే జిడ్డు మిగిలే ఉంది, లిక్విడ్ మరోసారి వేయవలసిందే. చుక్క ఇంకిపోయినా లేత గులాబీ నీడ కనిపిస్తే అది రంగు మాత్రమే. తెల్లగుడ్డ అయితే ఆక్సిజన్ బ్లీచ్ పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి నానబెడితే సాధారణంగా తగ్గుతుంది.

చున్నీ ఒంటి పొర కావడం మనకు పెద్ద వెసులుబాటు. మరక ఉన్న వైపును పాత తెల్లగుడ్డ మీద బోర్లించి, లిక్విడ్‌ను వెనుక నుంచి వేసి అద్దితే రంగు వచ్చిన దారినే కింది గుడ్డలోకి దిగిపోతుంది. మెడ దగ్గర చున్నీకి అంటుకునే ఫౌండేషన్ ఈ పద్ధతిలో చాలావరకు ఒక్క విడతలోనే వదులుతుంది. అయితే చున్నీకి దాని సొంత రంగే ముప్పు. మంగళగిరి నూలు చున్నీ అయినా కలంకారీ అయినా, ముందుగా లోపలి అంచున ఒక చుక్క వేసి, తడి తెల్లగుడ్డతో అద్ది చూస్తాను. గుడ్డకు చున్నీ రంగు అంటితే అక్కడితో ఆగి డ్రై క్లీనింగ్‌కు ఇస్తాను. జరీ అంచుల మీద దీన్ని అసలు వాడను.

రోజంతా నిలిచే లిప్‌స్టిక్ పెదవిపై ఆరి పలుచని పొరలా గట్టిపడుతుంది, దాన్ని లిక్విడ్ కరిగించలేదు. దానికి మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను దూదితో అద్ది పొర మెత్తబడ్డాక లిక్విడ్ వేస్తే ఫలితం కనిపిస్తుంది. స్పిరిట్ మండే పదార్థం కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి ఈ పని చేయాలి. స్పిరిట్‌కు రంగులు కదిలే అవకాశం ఎక్కువ గనుక రంగు చున్నీల మీద అంచు పరీక్ష మళ్లీ చేయవలసి ఉంటుంది. ఒకసారి ఇస్త్రీ పడిన పాత మరకల విషయంలో ఈ రెండూ కలిసినా నాకు దక్కింది సగం ఫలితమే.

కొనేటప్పుడు వీలైతే రంగులేని లిక్విడ్‌ను ఎంచుకోండి. గిన్నెల సబ్బుబిళ్లలో గరుకు పొడి ఉంటుంది కనుక నూలు మీద వాడవద్దు. మెషీన్‌లో వేసే ముందు లిక్విడ్‌ను పూర్తిగా జాడించడం కూడా తప్పనిసరి, లేకపోతే నురుగు విపరీతంగా పొంగుతుంది.