పునాదికి కొట్టించిన చెదల మందు: ఇన్నేళ్లకు నా సమీక్ష

2014లో ఖమ్మం దగ్గర ఇల్లు కట్టేటప్పుడు పునాది దశలోనే చెదల మందు కొట్టించాం. ఇన్నేళ్లు అదే ఇంట్లో ఉన్నాక చెప్తున్నా, మందు పనిచేసింది, కాకపోతే కొట్టిన మట్టి కదలకుండా ఉన్న చోట మాత్రమే.

ఈ మందు చెక్కను కాపాడుతుందనుకుంటారు చాలామంది. అది చెక్కకు తగలనే తగలదు. మన ఇళ్లకు పట్టే చెదలు ఎక్కువగా నేలలో ఉండేవే, తేమ లేకపోతే బతకవు కాబట్టి గాలి తగలకుండా మట్టి గొట్టం కట్టుకుంటూ గోడకీ ఫ్లోరింగ్‌కీ మధ్య సందులోంచి పైకొస్తాయి. దర్వాజా అడుగున దూరి, పెయింట్ పొరను అలాగే వదిలేసి లోపల మెత్తటి చెక్కంతా తింటాయి. టేకుకి పట్టవంటారు గానీ అది చేవ వరకే, తెల్లచెక్క ఉంటే దాన్ని వదలవు. మట్టికి కొట్టే మందు ఈ దారిని కింద నేలలోనే మూసేస్తుంది, అంతే దాని పని.

అందుకే ఎంత పోశారన్నదే అసలు సంగతి. గుంతల అడుగున, గోడల పక్కన పూడ్చే మట్టికి, బేస్‌మెంట్ నింపి దిమ్మిస చేశాక పైన, చివర్లో ఇంటి చుట్టూ, ఇలా దశలవారీగా కొట్టాలి. ఒక్క బేస్‌మెంట్ లెక్కే చూడండి: చెదల నివారణకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం. వెయ్యి చదరపు అడుగులంటే సుమారు 93 చదరపు మీటర్లు, అంటే 465 లీటర్లు. మాకు వాడింది 20 శాతం క్లోర్‌పైరిఫాస్, లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలపాలి, కాబట్టి మందే 23 లీటర్లు దాకా కావాలి. రెండు లీటర్ల డబ్బా, భుజాన స్ప్రేయరు పట్టుకొని వచ్చి గంటలో అయిపోయిందంటే అది మందు వాసన చూపించడమే! కొట్టాక కాంక్రీటు వేసేలోపు గట్టి వాన పడినా, ఎవరైనా మట్టి తవ్వినా ఆ మేరకు మళ్లీ కొట్టాల్సిందే.

మా ఇంట్లో 2021లో చెదలు వచ్చింది బాత్‌రూమ్ దర్వాజాకి. అంతకు ముందు ఏడాది డ్రెయిన్ పైపు మార్చడానికి ప్లంబర్ అక్కడ ఫ్లోరింగ్ పగలగొట్టి, బయటి నుంచి తెచ్చిన మట్టితో పూడ్చాడు, ఆ మట్టికి మందు లేదు, పైగా పైపు చుట్టూ ఎప్పుడూ తేమే. మొదట పెయింట్ ఉబ్బింది, వేలితో తడితే డొల్ల శబ్దం, స్క్రూడ్రైవర్ పెడితే లోపలికి దిగిపోయింది. గోడా నేలా కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున డ్రిల్ చేయించి, ఒక్కోదాంట్లో లీటరు ద్రావణం పోయించాం, దర్వాజా కింది ముక్క కోసి మార్పించాం. మిగతా గదుల దర్వాజాలు, వంటింటి కబోర్డులు ఇప్పటికీ బాగానే ఉన్నాయి.

ఇంకోటి, ఎండు చెక్కలోనే బతికే చెద రకాలుంటాయి, పాత మంచంతో పాటు ఇంట్లోకొస్తే పునాది మందు వాటిని ఏమీ చేయలేదు. ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒక్కటీ తగ్గించింది, తర్వాత జరిగే ప్లంబింగ్ పనుల గురించి మందు కొట్టినవాళ్లు ఒక్క మాటా చెప్పనందుకు.