పన్ను లెక్కలకు పివట్ టేబుల్: ఆ డబుల్ క్లిక్ కోసమే వాడుతున్నాను

లావాదేవీలను పద్దుల వారీగా కూడి మొత్తాలు చూపే పివట్ టేబుల్ ఎలా పెట్టాలో చెప్పే వీడియోలు తెలుగులోనే బోలెడున్నాయి, కాబట్టి అది వదిలేస్తున్నాను. కొన్నేళ్లుగా బ్యాంకు స్టేట్‌మెంట్లను ఎక్సెల్‌లో వేసి పన్ను లెక్క తీస్తున్న నాకు అందులో అన్నిటికంటే నచ్చిన సదుపాయం ఒకటుంది. పివట్‌లో ఏ మొత్తం మీదైనా డబుల్ క్లిక్ చేస్తే, ఆ మొత్తంలో కలిసిన లావాదేవీలన్నీ విడిగా కొత్త షీటులో తెరుచుకుంటాయి. "ఈ అంకె ఎక్కడిది?" అని ఆడిటర్ అడిగితే ఒక్క క్షణంలో జవాబు దొరుకుతుంది. ఈ ఒక్కదాని కోసమే మిగతా చాకిరీ అంతా చేస్తాను.

నాది విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ పని. ఆదాయపు పన్నులో 44ఏడీఏ సెక్షన్ కింద ఐటీఆర్-4 రిటర్ను వేస్తాను. అంటే వచ్చిన ఫీజులో కనీసం సగం ఆదాయంగా చూపాలి, ఖర్చుల చిట్టా పెట్టక్కర్లేదు. అందుకే నాకు డెబిట్ల కంటే క్రెడిట్లతోనే పని. ఏది ఫీజు, ఏది వడ్డీ, ఏది నా ఒక ఖాతా నుంచి రెండో ఖాతాకు మార్చుకున్న సొమ్ము అన్నది తేలితే చాలావరకు అయిపోయినట్టే.

ఇది తేల్చడానికి రెండు ఖాతాల స్టేట్‌మెంట్లూ ఒకే షీటులో ఒకదాని కింద ఒకటి పెడతాను. B నిలువు వరుసలో వివరం, C లో డెబిట్, D లో క్రెడిట్ ఉంటాయి. Keys అనే ఇంకో షీటులో ఎడమవైపు వివరంలో వెతకాల్సిన ముక్కలు, పక్కన వాటి పద్దులు రాసుకుంటాను. మామూలు వీలుకప్ ఇక్కడ పనికిరాదు. యూపీఐ, నెఫ్ట్ వివరాల్లో ప్రతిసారీ కొత్త రిఫరెన్స్ నంబరు ఉంటుంది కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. నేను వాడేది ఇది:

```
=IFERROR(LOOKUP(2,1/SEARCH(Keys!$A$2:$A$48,B2),Keys!$B$2:$B$48),"చూడాలి")
```

జాబితాలోని ప్రతి ముక్కనూ వివరంలో వెతుకుతుంది. దొరకని చోట ఎర్రర్, దొరికిన చోట ఒకటికి మించని అంకె వస్తుంది. 2 అనే అంకె కోసం వెతకమన్నాం, అది ఎక్కడా ఉండదు కాబట్టి దొరికిన వాటిలో చివరిదాన్ని తీసుకుంటుంది. గూగుల్ షీట్స్‌లో అయితే దీన్ని ARRAYFORMULA లోపల పెట్టాలి. పరిధి ఆఖరి ముక్క దగ్గరే ఆగాలన్నది మాత్రం మరిచిపోవద్దు. ఒక్క ఖాళీ గడి అందులో ఉన్నా, ఖాళీ అన్నది ప్రతి వివరంలోనూ దొరికినట్టే లెక్క. పద్దుల వరుస నిండా సున్నాలు కనిపిస్తే కారణం అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పద్దుల మీద పెట్టిన పివట్ ఒక ఏడాది వడ్డీ పద్దులో 1,17,600 చూపించింది. ఆదాయపు పన్ను శాఖ మన ఆదాయ వివరాలు చూపే ఏఐఎస్‌లో చూస్తే ఆ ఏడాది వడ్డీ 9,600 మాత్రమే. ఈ తేడా చిన్నది కాదు. ఫీజు అయితే సగమే ఆదాయంలోకి వస్తుంది, వడ్డీ అయితే మొత్తం వస్తుంది. అలాగే ఐటీఆర్‌లో ఎక్కించి ఉంటే, బ్యాంకులో పడిన సొమ్ము లెక్కన 54,000 ఎక్కువ ఆదాయం మీద పన్ను పడేది.

వడ్డీ మొత్తం మీద డబుల్ క్లిక్ చేశాను. తెరుచుకున్న షీటులో చిన్న చిన్న వడ్డీ క్రెడిట్ల మధ్య 54,000 చొప్పున రెండు నెఫ్ట్ క్రెడిట్లు ఉన్నాయి. పంపింది నాకు పని ఇచ్చే ఒక సంస్థ. దాని పేరు చివర INTERIORS అని ఉంది. నా జాబితాలో వడ్డీకి ఉన్న ముక్క INT. SEARCH కి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టదు, ఆ మూడు అక్షరాలు వరుసగా ఎక్కడున్నా దొరికినట్టే. డెబిట్ల వైపు కూడా వడ్డీ పద్దులో కొంత సొమ్ము కనిపించింది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే రంగుల కొట్టుకు కట్టిన డబ్బులు బయటపడ్డాయి, PAINT లోనూ INT ఉందిగా. సేవింగ్స్ ఖాతా వడ్డీ పద్దులో డెబిట్ కనిపించిందంటే ఏదో కలిసిపోయిందనే అర్థం. అప్పట్నుంచి పివట్‌లో డెబిట్, క్రెడిట్ మొత్తాలు పక్కపక్కనే పెట్టుకుంటున్నాను.

సరిచేయడం మాత్రం ఎంత తేలికో! జాబితాలో INT కంటే కింద INTERIORS అని ఒక వరుస చేర్చి, పక్కన ఫీజు అని రాస్తే సరిపోయింది. చివర దొరికిందే నెగ్గుతుంది కాబట్టి సాధారణమైన ముక్కలు పైన, ప్రత్యేకమైనవి కింద ఉండాలి. PAINT కూడా అలాగే కిందకు చేరింది.

సొంత బదిలీలకూ ఇలాంటి పరీక్షే ఉంది. రెండు ఖాతాలూ ఒకే షీటులో ఉన్నాయి కాబట్టి ఆ పద్దులో డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం సమానంగా రావాలి. రాకపోతే ఒక కొస వేరే పద్దులో చిక్కుకుందన్నమాట.

అయితే ఆ డబుల్ క్లిక్ చూపించేది నకలు మాత్రమే. అక్కడ పద్దు మారిస్తే అసలు షీటులో ఏమీ మారదు. వెనక్కి వెళ్లి Keys లో దిద్దాలి, ఆ తర్వాత పివట్‌ను రిఫ్రెష్ చేయాలి. రిఫ్రెష్ చేసేదాకా పాత మొత్తమే కనిపిస్తుంది. పైగా క్లిక్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త షీటు పుట్టుకొస్తుంది, చూసిన వెంటనే తీసేయకపోతే ఫైలు గందరగోళమవుతుంది.

దానికంటే పెద్ద పరిమితి బ్యాంకు స్టేట్‌మెంటుదే. పైన చెప్పిన 54,000 నిజానికి 60,000 బిల్లు. ఆ సంస్థ 10 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది పంపింది. పివట్ చూపేది చేతికొచ్చిన సొమ్ము, ఐటీఆర్‌లో చూపాల్సింది కోతకు ముందు సొమ్ము. రెండు బిల్లులకు 1,08,000 కాదు, 1,20,000. అందుకని Keys లో C నిలువు వరుస చేర్చి, టీడీఎస్ కోసే వారి ఎదురుగా 0.1 అని రాసి, ఇంకో ఫార్ములా పెట్టాను:

```
=D2/(1-IFERROR(LOOKUP(2,1/SEARCH(Keys!$A$2:$A$48,B2),Keys!$C$2:$C$48),0))
```

ఇక్కడ భాగించాలి, 10 శాతం కలిపితే సరిపోదు. 54,000కు పది శాతం కలిపితే 59,400 దగ్గరే ఆగిపోతుంది. ఈ మొత్తాన్ని, నా పేరు మీద కోసిన టీడీఎస్ వివరాలుండే 26ఏఎస్‌తో పోల్చి చూస్తాను. అప్పటికీ మార్చి బిల్లులతో పేచీ ఉంటుంది. కొన్ని సంస్థలు మార్చిలోనే ఖాతాలో రాసుకుని టీడీఎస్ చూపిస్తాయి, డబ్బు మాత్రం ఏప్రిల్‌లో పంపుతాయి. 26ఏఎస్‌లో అది పాత ఏడాదిలో, బ్యాంకులో కొత్త ఏడాదిలో కనబడుతుంది. ఏ ఫార్ములా దీన్ని పట్టలేదు. బిల్లుల పుస్తకం పక్కన పెట్టుకుని చేత్తో గుర్తు పెట్టి, ఏ ఏడాదిలో చూపాలో ఆడిటర్‌కే వదిలేస్తాను.

కొద్దిమంది క్లయింట్లు, రెండు ఖాతాలు, సగం ఆదాయం చూపే పద్ధతి ఉన్న నాకు ఇది బాగా సరిపోయింది. ఖర్చులన్నీ ఆధారాలతో చూపి ఐటీఆర్-3 వేసేవారికి డెబిట్ల వైపు ముక్కల జాబితా చాలా పెరుగుతుంది, INT లాంటి చిక్కులూ పెరుగుతాయి. క్యూఆర్ కోడ్ మీద రోజంతా చిల్లర అమ్మకాలు జరిగే కొట్టుకైతే దీన్ని నేను సిఫారసు చేయను. వాళ్ల స్టేట్‌మెంటులో ఉండేవి కొన్నవాళ్ల పేర్లే, వాటిలో వెతకడానికి ఒక ముక్కంటూ దొరకదు.